గ్రీన్ చూపించే పాస్‌వర్డ్‌ నిజంగా గట్టిదేనా?

కొత్తసభ్యుడు: నా పాస్‌వర్డ్‌ ఈ తరహాలో ఉంటుంది: `V@s@nth@m2021!`. 14 అక్షరాలు, మీటర్‌లో గ్రీన్. అయినా టెన్షన్. దీని బలం లెక్కగట్టేదెలా?

చుక్కలరాయుడు: గుర్తులు, అంకెలు, పెద్దక్షరాలు అన్నీ ఉన్నాయి కదా. ఒక్కో స్థానంలో 95 రకాలు, అలాంటివి 14. అంటే 92 బిట్లు, ఒక్కో బిట్‌కీ దొంగ పని రెండింతలు. హాయిగా పడుకోండి.

పాతకీబోర్డు: రాయుడుగారూ, ప్రతి అక్షరం చీటీ తీసినట్టు వచ్చుంటే ఆ లెక్క సరే. ఇక్కడ ఎంచుకున్నది ఒక మాట. దొంగ కూడా మాటల జాబితాతోనే మొదలుపెడతాడు. జాబితాలో లక్ష మాటలు అనుకోండి. మొదటి అక్షరం పెద్దదా చిన్నదా: 2. a బదులు @, s బదులు $ వంటి మార్పులు ఓ 4. చివర ఏదో సంవత్సరం: 100. ఆపై ఒక గుర్తు: 10.

```
100000 × 2 × 4 × 100 × 10 = 80 కోట్లు ≈ 30 బిట్లు
```

@ పెట్టి మనం మురిసిపోతాం గానీ, అది దొంగ పనిని పెంచింది రెండింతలే, అంటే ఒక్క బిట్. పాస్‌వర్డ్‌లు ఛేదించే టూల్ `hashcat`‌లో ఆ మార్పుకి `sa@` అని రూలు రాస్తే చాలు.

నిశాచరి: కానీ ఐదుసార్లు తప్పు కొడితే నా అకౌంట్ లాక్ అవుతుందండీ. 80 కోట్లసార్లు ఎవరు కొడతారు?

పాతకీబోర్డు: లాగిన్ పేజీలో ఎవరూ కొట్టరు. సైటు పాస్‌వర్డ్‌ని నేరుగా కాక, వెనక్కి తిప్పలేని హ్యాష్‌గా మార్చి దాస్తుంది. భయం ఆ హ్యాష్‌ల ఫైలు బయటికి పొక్కినప్పుడే. అప్పుడు లాక్ ఉండదు. హ్యాష్ చేయడానికి సైటు వేగంగా నడిచే MD5 వాడి ఉంటే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది వేల కోట్లు ప్రయత్నిస్తుంది. 80 కోట్లకి సెకనులో వందో వంతు కూడా పట్టదు. అదే కావాలనే నెమ్మదిగా నడిచే bcrypt, ఆ నెమ్మదిని పెంచే కాస్ట్ 12 అయితే సెకనుకు వెయ్యి, రెండు వేలే, దాదాపు వారం. సైటు ఏది వాడిందో మనకి తెలియదు కాబట్టి నేను MD5 అనుకునే లెక్కవేస్తాను.

అదే MD5 వేగంతో, యాదృచ్ఛికంగా వచ్చిన 8 అక్షరాలు, 95 రకాల నుంచి: అన్నీ వెతకడానికి 18 గంటలు. ఒట్టి చిన్నక్షరాలే, కానీ 12: పదకొండు రోజులు.

నిశాచరి: అయితే నాది సూపర్! ఒక సామెత మొత్తం టైపు చేస్తాను, 30 అక్షరాలు.

పాతకీబోర్డు: అందరికీ తెలిసిన సామెత జాబితాలో ఒక్క వరుసమ్మా. పొడవు పనికొచ్చేది ఎంపిక మనది కానప్పుడే. పాచికను ఐదుసార్లు వేసి, వచ్చిన అంకెల్ని మాటల జాబితాలో చూస్తే 7776 మాటల్లో ఒకటి వస్తుంది, సుమారు 12.9 బిట్లు. నాలుగు మాటలైతే MD5 ముందు పది గంటలే. ఐదుకి తొమ్మిదేళ్లు. ఆరుకి 70 వేల ఏళ్లు.

చుక్కలరాయుడు: మరి తెలుగు మాటలైతే? vasantham, vasantam, vasanthamu... స్పెల్లింగు ఎవరిష్టం వాళ్లది. అదీ కలిసొస్తుందిగా?

పాతకీబోర్డు: కొంత. ఐదు రకాలుంటే రెండు బిట్లపైన. కానీ ఆరు నెలల తర్వాత h పెట్టానో లేదో మీకే గుర్తుండదు.

చుక్కలరాయుడు: నాకు గుర్తుంటుంది లెండి. ఆ రెండు బిట్లు నేను వదులుకోను.

కొత్తసభ్యుడు: పాచిక దొరికింది. కానీ మా ఆఫీసు సిస్టమ్ 16 అక్షరాలు దాటనివ్వడం లేదు. ఆరు మాటలు పట్టవే?

పాతకీబోర్డు: అయితే అక్కడ మాటలొద్దు. పాస్‌వర్డ్‌ మేనేజర్‌తో యాదృచ్ఛికంగా 16 తీయించండి. ఆ మేనేజర్ తాళానికి ఆరు మాటలు పెట్టండి.