బ్యాంకు గుమ్మంలో ‘బంగారం పెడదాం రండి’ అని రాస్తే

అనిత
అందరికీ నమస్కారం. నేను మలక్‌పేటలో ఒక బ్యాంకు శాఖలో క్లర్కుగా పనిచేస్తున్నాను. దసరాకు గుమ్మం దగ్గరి బోర్డు మీదా, ఖాతాదారుల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టడానికి ఒక చిన్న పలకరింపు కావాలి. మా మేనేజర్ సార్ రాసిచ్చింది ఇది:

‘మా విలువైన ఖాతాదారులకు విజయదశమి శుభాభినందనలు. ఈ దసరాకు బంగారం పెడదాం రండి! నేడే శాఖను సంప్రదించండి.’

సార్ మనసులో ఉన్నది జమ్మి బంగారమే. పండగ పూట ఏమీ అమ్మొద్దని ఆయనే గట్టిగా చెప్పారు. కానీ కాగితం మీద రాసి ఇద్దరు ఖాతాదారులకు చూపిస్తే, ఇద్దరూ ‘గోల్డ్ లోన్ వడ్డీ తగ్గించారా మేడం?’ అనే అడిగారు. ఎక్కడ తేడా కొడుతోందో చెప్తారా?

వెంకటేశ్వర్లు
అమ్మా, ‘సంప్రదించండి’ తీసేయండి, అదే దోషం. శుభాకాంక్ష పేరుపదంతో ముగియాలి. ‘-ండి’తో ముగిసిందంటే ప్రకటనే. దాని బదులు జమ్మి శ్లోకం వేయండి, బంగారం మాట పుట్టిందే అందులోంచి కాబట్టి అర్థం తేలిపోతుంది:

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

ప్రవీణ్
దసరా రోజు బ్యాంకు ఉంటుందా మేడం? చెక్కు ఒకటి వేయాలి.

అనిత
దసరా రోజు సెలవండి. ముందు రోజే వేసేయండి.

శ్రీనివాసాచారి
వెంకటేశ్వర్లు గారు ‘సంప్రదించండి’ గురించి చెప్పింది నిజమే. అయితే ‘-ండి’ మీదే నేరం మోపలేం. ‘పిల్లాపాపలతో సంతోషంగా పండగ చేసుకోండి’ అన్నా ‘-ండి’ ఉంది, అందులో అమ్మకం లేదు. ఆ పని చేస్తే లాభం ఎవరికో చూడాలి. పండగ చేసుకుంటే లాభం చదివేవాడికి, సంప్రదిస్తే బ్యాంకుకు.

ఇక శ్లోకం. మనం కాగితం మీద రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి జమ్మి కొమ్మకు కట్టేది అదే. కానీ అందులో బంగారం ఊసే లేదు. పాపం ఉంది, శత్రువులున్నారు, అర్జునుడి విల్లు ఉంది. బంగారం గురించి పెద్దలు చెప్పేది రఘుమహారాజు కథ. గురుదక్షిణ కోసం కౌత్సుడు పద్నాలుగు కోట్లు అడిగితే, కుబేరుడు బంగారం కురిపించాడని. రఘువంశం ఐదో సర్గలో ఆ బంగారం కురిసింది రాజుగారి ఖజానాలో. జమ్మి చెట్టు మీద కురిసిందన్నది జనం చెప్పుకునే కథ.

అసలు తిరకాసు ‘పెట్టడం’లో ఉందమ్మా. మన వైపు జమ్మి ఆకు ఇవ్వం, ‘పెడతాం’. పెద్దవాళ్ల చేతిలో ‘బంగారం’ పెట్టి కాళ్లు మొక్కుతాం. బ్యాంకులోనూ బంగారం పెడతాం, అంటే కుదువ పెడతాం. రెంటికీ కర్మ ఒకటే, క్రియ ఒకటే. ఊళ్లో జమ్మి చెట్టు దగ్గర నిలబడి ఆ మాట అంటే ఎవరికీ అనుమానం రాదు. బ్యాంకు గుమ్మంలో రాస్తే చోటే అర్థం చెప్పేస్తుంది. మీ ఖాతాదారులిద్దరూ తెలుగు సరిగ్గానే చదివారు.

సుజాత
ఆచారి గారూ, మీరు చెప్పింది నాకు అనుభవమైన సంగతి. పోయినేడాది మా పాప కాలేజీ ఫీజుకు నా గాజులు ఒక బ్యాంకులో పెట్టాను. సద్దుల బతుకమ్మ రోజు చేతులకు మట్టి గాజులే వేసుకుని బయల్దేరాను. దారిలో ఆ బ్యాంకు మీదే పెద్ద ఫ్లెక్సీ, పైన బతుకమ్మ బొమ్మ, కింద ‘ఇంట్లో బంగారం ఖాళీగా ఎందుకు?’ అని. తంగేడు పూల పక్కన ఆ మాట చదివి, ఆట దగ్గరకు వెళ్లాక కూడా చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టలేకపోయాను. లోన్ ఇచ్చినందుకు ఆ బ్యాంకు మీద నాకు కోపం లేదు, అవసరానికి ఆదుకున్నారు. పండగ రోజు గుర్తుచేయకుండా ఉంటే బాగుండేది.

అనిత
సుజాతక్కా, మా స్ట్రాంగ్ రూములోనూ అలాంటి సంచులు ఉన్నాయి. ఆ బోర్డు వాళ్లూ చదువుతారన్న ఆలోచన నాకు రాలేదు. అయితే ‘బంగారం’ మాటే తీసేయమంటారా?

శ్రీనివాసాచారి
తీసేయక్కర్లేదు. ‘జమ్మి’ని ముందు చెప్పండి, ‘పెట్టు’ను వదిలేయండి. ‘జమ్మి ఆకు బంగారమయ్యే రోజు’ అంటే ఇక నగ వైపు పోదు, తాకట్టు వైపు అసలే పోదు. బోర్డు పక్కన గోల్డ్ లోన్ పోస్టర్ ఉంటే మాత్రం ఆ రెండు రోజులూ పక్కకు జరపండి. ఎంత జాగ్రత్తగా రాసినా పక్కనున్న బొమ్మ వాక్యాన్ని లాగేసుకుంటుంది.

‘శుభాభినందనలు’ కూడా మార్చండి. పాసైనవాళ్లకూ, ప్రమోషన్ వచ్చినవాళ్లకూ అభినందనలు. పండక్కి శుభాకాంక్షలు.

ఖలీల్
శ్లోకం గురించి ఒక మాట. మా ఎదురింటి అంకుల్ ప్రతి దసరాకు జమ్మి తెచ్చి మా నాన్న చేతిలో పెట్టి అలయ్ బలయ్ ఇస్తారు. నాన్న ఆ ఆకును గల్లాపెట్టెలో దాచుకుంటారు. జమ్మి మాకూ పండగే. కానీ బ్యాంకు గోడ మీద ‘శత్రువినాశిని’ అని చదివితే ఎవరికైనా శత్రువు ఎవరబ్బా అనిపిస్తుంది. చెట్టుకు కట్టే కాగితం మీద అది బాగుంటుంది.

ఇంకోటి, ‘విలువైన ఖాతాదారులు’. మా అమ్మ ఖాతాలో పెన్షన్ తప్ప ఏమీ ఉండదు. ఆ మాట వింటే డబ్బున్నవాళ్లను అంటున్నారనుకుంటుంది.

వెంకటేశ్వర్లు
శ్లోకం విషయంలో ఖలీల్ గారి మాటకు ఒప్పుకుంటాను. ‘విలువైన’ పోయినా, దాని బదులు ‘గౌరవనీయులైన’ అని ఉండాలి. మర్యాద తగ్గకూడదు.

శ్రీనివాసాచారి
‘అందరికీ’ చాలనుకుంటాను. డీడీ తీసుకోవడానికి వచ్చేవాళ్లూ, పక్కింటివాళ్ల పాస్‌బుక్ ప్రింటు వేయించుకునేవాళ్లూ అందులోకి వస్తారు. ‘మా శాఖ’ అనకుండా ‘మన శాఖ’ అనండి. ‘మా’ అంటే చదివేవాడు గుమ్మం బయటే ఉండిపోతాడు.

సుజాత
అక్కడ మాత్రం నేను ఒప్పుకోను సార్. కిస్తీ ఆలస్యమైనప్పుడు ‘మా రూల్స్’ అంటారు, పండక్కి ‘మన శాఖ’ అంటారా? ‘మా’ అంటేనే నిజంగా ఉంటుంది.

శ్రీనివాసాచారి
మీ బాధ అర్థమైందమ్మా. అయినా పలకరింపులో ‘మన’ అనడం అబద్ధం కాదనే నా అభిప్రాయం. అందరం అక్కడే వరసలో నిలబడతాం కదా.

అనిత
నేను రాసింది ఇది, చూడండి:

‘జమ్మి ఆకు బంగారమయ్యే రోజు.
పెద్దల దీవెన, ఇరుగుపొరుగుతో అలయ్ బలయ్ మీ ఇంట నిండుగా ఉండాలి.
అందరికీ దసరా శుభాకాంక్షలు.
మలక్‌పేట శాఖ సిబ్బంది’

‘మా’, ‘మన’ రెండూ లేకుండా ‘సిబ్బంది’ అని పెట్టాను, ఎందుకంటే రాసింది మేమే. ఫోన్ నంబరు వేయలేదు. సెలవు సంగతి, ప్రవీణ్ గారు అడిగినట్టు చాలామంది అడుగుతారు కాబట్టి, వేరే కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తాం.

సార్‌కు చూపించాను. ‘దీవెన’ దగ్గర ఆగి, బాగుందన్నారు. కింద చిన్న అక్షరాల్లోనైనా ‘అన్ని రకాల రుణాలు లభించును’ ఉంటే తప్పేంటని అడిగారు. సుజాతక్క పేరు చెప్పకుండా మట్టి గాజుల సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గోల్డ్ లోన్ స్టాండీ లోపల పెట్టమని అటెండర్‌కు చెప్పారు.

వెంకటేశ్వర్లు
బాగుందమ్మా. ‘గౌరవనీయులైన’ మాత్రం ఉండాల్సింది.