పోలిక ఎంత పెద్దదైతే అంత నవ్వొస్తుందా?

ఆలస్యం_బాధితుడు:
మా ఫ్రెండ్ ఒకడు ఎప్పుడూ లేటే. "దారిలో ఉన్నా" అంటాడు, అప్పటికింకా మంచం కూడా దిగి ఉండడు. గ్రూపులో నేను "వీడు టైముకి రావడమంటే వెయ్యి ఏనుగులు రోలర్ స్కేట్లేసుకుని ఆకాశం నుంచి దిగిరావడం లాంటిది" అని పెట్టాను. ఒక్కడూ నవ్వలేదు. ఇంకొకడు "వీడు ఫ్రిజ్‌లో బల్బు రా, తలుపు తీస్తేనే వెలుగుతాడు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. అతిశయోక్తి అంటే నాదే కదా పెద్దది? ఆ బల్బులో ఏముందని?

గోడమీద_పిల్లి:
నవ్వు రావాలంటే వినేవాడు ఊహించనిది పడాలి, అంతే. నత్తనడక, కుంభకర్ణుడి నిద్ర లాంటివి ఒకప్పుడు నవ్వించే ఉంటాయి. ఇప్పుడు అవి చెవిన పడ్డా ఎవరికీ నత్త కనపడదు, "నెమ్మది" అన్న అర్థమే తగులుతుంది. ఏనుగుదీ అదే గతి. పెద్దది అనగానే అందరూ దాన్నే లాక్కొస్తారు. ఏనుగులు తీసేసి స్టేప్లర్లు పెట్టండి బ్రో, పేలుతుంది.

పాతబడి_పంతులు:
పిల్లిగారు చెప్పింది సగం నిజం. అరిగిపోయిన పోలికకి నవ్వు రాదు, ఒప్పుకుంటాను. కానీ వెయ్యి స్టేప్లర్లు ఆకాశం నుంచి దిగినా ఎవరూ నవ్వరు. ఎందుకంటే స్టేప్లర్లకీ ఆ అబ్బాయికీ ఏ చుట్టరికమూ లేదు. బడిలో ఉపమాలంకారం చెప్పేటప్పుడు సమానధర్మం అని ఒకటి అడిగేవాళ్లం కదా, అది లేని పోలిక ఎంత వింతగా ఉన్నా గాల్లో తేలిపోతుంది.

బల్బు సంగతి చూడండి. తలుపు తీస్తేనే వెలుగుతుంది: ఇంటికెళ్లి తలుపు కొడితే గానీ ఈయన లేవడు. తలుపు మూసి ఉన్నంతసేపూ లోపల వెలుగుతోందో లేదో బయటివాడికి తెలియదు: ఫోన్లో "దారిలో ఉన్నా" అంటే మనం చూడొచ్చామా? పైగా తీసి చూసిన ప్రతిసారీ వెలుగుతూనే ఉంటుంది, ఎప్పుడూ అలాగే ఉన్నట్టు: ఈయన కూడా తలుపు తీయగానే "రెడీయే కదా" అనే రకం అయ్యుంటాడు. ఒక్క వస్తువు మూడుచోట్ల అతుక్కుంది. మొదటిదానికి నవ్వినవాడు మిగతా రెండూ తనే కనిపెట్టుకుని మళ్లీ నవ్వుతాడు. మీ ఏనుగుల్లో "ఇది జరగదు" అన్న ఒక్క ముక్కే ఉంది. అది "వాడు రాడు" అంటే సరిపోయేది.

ఇది కొత్త గొడవేం కాదు. నవ్వొచ్చే అతిశయోక్తికి అరిస్టాటిల్ ఇచ్చిన ఉదాహరణ ఒకటుంది. దెబ్బతిని కంటికింద కమిలినవాణ్ణి చూసి "మల్బరీ పళ్ల బుట్ట అనుకుంటారు" అనడం. రంగు సరిగ్గా కుదిరింది, బుట్టెడు అనడంలోనే అతి ఉంది. ఒకచోట గురి తప్పకుండా తగలాలి, ఆ తర్వాత ఎంత పెంచినా చెల్లుతుంది. మీరు ఎక్కడా తగలకుండానే పెంచేశారు.

ముక్కుసూటి:
అసలు స్నేహితుణ్ణి వస్తువుతో పోల్చడమేంటండీ? కాలేజీలో నా గురకని అందరూ "గోడకి డ్రిల్లింగ్" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, కానీ తర్వాత ఎవరితో కలిసి టూరుకెళ్లాలన్నా టెన్షనే. ఇలాంటివి మానేయమని చెప్పాల్సింది పోయి ఎలా పేలాలో నేర్పుతున్నారు.

పాతబడి_పంతులు:
అమ్మా, ఆయన అడిగింది వేరు, మీరు చెప్పేది వేరు. అయినా మీ మాటలో పట్టుకోవాల్సింది ఉంది. గురక మీ చేతిలో లేదు, నిద్రలో వచ్చేది. లేటుగా రావడం అతని చేతిలో ఉంది, అది అతనికీ తెలుసు. తను మార్చుకోగలిగిన అలవాటు మీద పడ్డ పోలికకి ఆ మనిషి కూడా నవ్వగలడు. శరీరం మీద పడిందా, చుట్టూ ఉన్నవాళ్లే నవ్వుతారు.

ముక్కుసూటి:
అంత తేలిగ్గా గీత గీయలేరు. లేటు కూడా కొందరి చేతిలో ఉండదు.

ఆలస్యం_బాధితుడు:
మావాడి చేతిలోనే ఉందండి, సినిమాకైతే అరగంట ముందే వస్తాడు. సరే పంతులుగారూ, నా ఏనుగులు చచ్చినట్టేనా? వాటిమీద నాకు మమకారం.

పాతబడి_పంతులు:
చావలేదు, ఎక్కువయ్యాయి. వెయ్యి తీసేసి ఒక్కటి ఉంచండి. వెయ్యి ఏనుగులు ఎవరి కళ్లకీ కట్టవు, ఒక ఏనుగు కడుతుంది. ఆకాశం కూడా తీసేయండి, దానికి ఇక్కడ పనిలేదు. స్కేట్లు మాత్రం వదలొద్దు, మీ దగ్గరున్న బంగారం అదే. ఇప్పుడు ఆ ఏనుగుని అబ్బాయి ఉన్నచోటే కూచోబెట్టండి, అంటే బయల్దేరేముందు. "వీడు అయిదు నిమిషాల్లో వస్తా అన్నాడంటే, ఏనుగు స్కేట్లు కట్టుకుంటోందని అర్థం. మూడో కాలు నడుస్తోంది."

చూశారా, మొదటిదానికంటే ఇది చాలా చిన్న అతిశయోక్తి. కానీ తెమలడానికి పట్టే టైమూ, "అయిపోయింది, అయిపోయింది" అనే హడావిడీ, ఇంకా ఒక కాలు మిగిలే ఉండటమూ అన్నీ అందులో ఉన్నాయి. "మూడో కాలు" చివర్న పడాలి. ముందే చెప్పేస్తే ఏనుగు వచ్చేసరికి నవ్వడానికి ఏమీ మిగలదు.

గోడమీద_పిల్లి:
ఇది నిజంగా బావుంది, కానీ మీ లెక్కలో ఓ చిక్కుంది. మనిషి వస్తువులా అనిపించినప్పుడల్లా నవ్వొస్తుందని ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లోనే రాశాడు. బల్బు ఆ లెక్కకి సరిపోయింది: స్విచ్ పడితే వెలుగు, లేకపోతే చీకటి, సొంత బుద్ధంటూ లేదు. ఏనుగు వస్తువు కాదు, పైగా అది మనిషి పని చేస్తోంది. రెండింటికీ ఒకే సూత్రం ఎలా అండీ?

పాతబడి_పంతులు:
ఒకే సూత్రం అని నేననలేదు. బల్బులో మనిషి వస్తువుగా దిగిపోయాడు, ఏనుగులో జంతువు మనిషి తంటాలు పడుతోంది. దారులు వేరు, కుదరడం మాత్రం రెండింటికీ కావాలి. బెర్గ్‌సన్ చెప్పింది ఒక రకం నవ్వుకి బాగా పనికొస్తుంది, అన్నిటికీ దాన్నే తొడిగితే బిగుతవుతుంది.

చివరి_బెంచీ:
చదువుతూ ఊరుకోలేకపోయా. నన్నడిగితే "తలుపు తీస్తేనే వెలుగుతాడు" అన్న తోక కూడా దండగే. "వీడు ఫ్రిజ్‌లో బల్బు రా" అని ఆపేయాలి. ఒక్క క్షణం అందరూ బుర్ర గోక్కుంటారు, తట్టగానే నవ్వు డబుల్. విప్పిచెప్పిన జోకు సగం చచ్చిన జోకు.

పాతబడి_పంతులు:
ఎదురుగా కూర్చున్నవాళ్లకైతే ఆపొచ్చు, మీ మొహం చూసి అందుకుంటారు. గ్రూపులో ఆపితే సగంమంది బల్బు అంటే తెలివైనవాడు అనుకుంటారు, మిగతా సగం చల్లటి మనిషి అనుకుంటారు. బల్బుకి గుణాలు చాలా ఉన్నాయి, ఏది తీసుకోవాలో చూపించేది ఆ తోకే.

చివరి_బెంచీ:
ఆ తప్పుదారి పట్టడంలోనే మజా ఉంది సార్. మా గ్రూపులో అయితే తోక పెట్టినవాణ్ణే ఏడిపిస్తాం.

ఆలస్యం_బాధితుడు:
మీరు తేల్చుకునేలోపు నేను ఏనుగుని గ్రూపులో వదిలేశా. ముగ్గురు నవ్వారు, ఒకడు "ఏ ఏనుగు?" అన్నాడు. మావాడు ఇంకా చూడలేదు, దారిలో ఉన్నాడట.