సమస్య: "తలనుఁ గోసి గుడినిఁ దలనుఁ బెట్టె"

మోడరేటర్: మనవరాలి పలక చూస్తుంటే తట్టింది. హింస వద్దు, మిగతాది మీ ఇష్టం. గడువు ఆదివారం రాత్రి.

ఓరుగల్లు లలిత:

పలక మీద బాల పట్టి కకారము
కిటికి యనఁగ వలసి గీత చెరిపి
యమ్మ చూచుచుండ నచ్చు మార్చెనుఁ జూడు
తలనుఁ గోసి గుడినిఁ దలనుఁ బెట్టె

గోదారి గాలి: భేష్! "అచ్చు మార్చెను" దగ్గరే పూరణ పండింది. క మీది తలకట్టు తీస్తేనే గుడికి చోటు. అయితే లలితగారూ, మీ కిటికీలోనే చిన్న కిటుకుంది. కి కోసం తల కోశారు సరే, మధ్యలో టి సంగతేమిటి? ట కి తలకట్టే లేదు కదా, ఏం కోస్తారు?

లలిత: అందుకే కకారం అన్నాను, టకారం అనలేదు. పద్యం మళ్లీ చదవండి.

పల్నాటి పంతులు: తలకట్టు అంటేనే అకారానికి గుర్తు. అది లేని అక్షరానికి అ పలకదు. చిన్నప్పుడు మాకు అలాగే చెప్పారు. ఇక నా పూరణ. అక్షరాల గోల లేకుండా అచ్చమైన శిల్పి కథ:

కొండ నెక్కి శిల్పి గొప్పగు సుకృతి
శిఖరమంతఁ జెక్కి చెలువు మీఱ
రాతి నేల చదును రమ్యమై వెలయంగ
తలనుఁ గోసి గుడినిఁ దలనుఁ బెట్టె

గోదారి గాలి: కొండ తల చదును చేసి గుడి కట్టడం బాగుంది. కానీ పంతులుగారూ, తలకట్టు లేకపోతే అ పలకదంటే ఖ, జ, ట, ణ, బ, ల ఏమైపోవాలి? "జలజ"లో ఒక్క తలకట్టు చూపించండి. అ అనేది అక్షరంలోనే ఉంది, తలకట్టు దాని మీది టిక్కు మాత్రమే. పైగా కు చూడండి, కొమ్ము తగిలినా తలకట్టు నెత్తినే ఉంటుంది. మరి అక్కడ అ పలుకుతున్నామా? అచ్చును మార్చింది కొమ్మే. ఇటు అ ని పూర్తిగా తీసేయాలంటే పొల్లు పెట్టాలి.

ఫ్రిస్కో తాతయ్య: ఇక్కడ టెక్సస్‌లో మా మనవడిదీ ఇదే తంటా. క పక్కన ఇ పెడితే కి అవుతుందనుకుని "కఇటఇకఇ" అని రాశాడు. చదవమంటే "కైటైకై" అన్నాడు! వాడికి ఎలా చెప్పాలి?

లలిత: తాతయ్యగారూ, మీవాడి చెవి బాగుంది. కఇ లో క లోని అ అలాగే ఉంది, దాని పక్కన ఇ చేరింది. మరి కై అనక ఏమంటాడు? గుడి అ కి తోడు రాదు, అ ని లేపి ఆ చోట కూర్చుంటుంది. విడి ఇ మాటకు మొదట్లోనే తరచుగా కనిపిస్తుంది, "ఇల్లు"లో లాగా. ముందు క రాయించి, తలకట్టు తీయించి, ఆ చోట గుడి పెట్టించండి.

ఇప్పుడు పంతులుగారి మొదటి పాదం. "సుకృతి"ని భగణంగా లెక్కించారు. "సు" గురువెలా అయిందండీ?

పల్నాటి పంతులు: కింద వత్తు కనిపించడం లేదా? సంయుక్తానికి ముందుది గురువు.

లలిత: అది వత్తు కాదు, వట్రసుడి. గుడి, కొమ్ముల్లాగే అచ్చు గుర్తు. కిందికి వేలాడుతుందని వత్తయిపోదు. "సుక్రుతి" అని రాస్తే క్ ముందుకు ఒరిగి సు బరువెక్కేది. కృ లో రెండో హల్లే లేదు కాబట్టి సుకృతి మూడు లఘువులే.

గోదారి గాలి: టైపు చేసినా యూనికోడ్ అంకెల్లో తేడా దొరుకుతుంది:

```
కృ  = 0C15 0C43
క్రు = 0C15 0C4D 0C30 0C41
```

రెండోదాంట్లో 0C4D పొల్లు, 0C30 ర. మొదటిదాంట్లో ఆ రెండూ లేవు. తలకట్టుకు అసలు కోడే లేదు, క అంటే అ తో సహా 0C15.

పల్నాటి పంతులు: కంప్యూటరు ఛందస్సు చెప్పిందా? తెలుగువాళ్లలో ఎక్కువమందిమి "సుక్రుతి" అనే పలుకుతాం. పద్యం చెవికా, కంటికా? ఉగాది సమస్యలో లలితగారు యతి జారిస్తే నేను నోరు మెదపలేదు, గుర్తుంచుకోండి.

లలిత: ఆ యతి జారలేదు, మీరే పాదం తప్పుగా విరిచారు! పలుకుబడి మాట మాత్రం నిజమే. మనం ఋ ని రు అంటాం, హిందీవాళ్లు రి అంటారు. అయినా పద్యంలో "ప్రకృతి"ని మూడు లఘువులుగానే వాడుతూ వచ్చారు. చెవి లెక్కే కావాలంటే ఆ పద్యాలన్నీ మళ్లీ తూకం వేయాలి.

గోదారి గాలి: "సుకృతి" బదులు "పుణ్యుఁడు" వేయండి, గణం కుదురుతుంది.

పల్నాటి పంతులు: మారుస్తాను గానీ ఒప్పుకుని కాదు. ముందు ఆ ఉగాది పద్యం ఇక్కడ పెట్టండి, పాదం విరుద్దాం.

మోడరేటర్: దానికి వేరే చోటుంది. ఆదివారం దాకా ఇక్కడ పూరణలే.