అప్‌డేట్: డబ్బులు కట్టినోళ్లకు కార్ట్ రిమైండర్ పోవుడు ఆగింది

నా ప్రశ్న: "మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు ఆన్‌లైన్‌ల అమ్ముతం. డబ్బులు కట్టినోళ్లకు కూడా 'మీ కార్ట్‌ల సామాను మిగిలింది' అని మెయిల్ పోతున్నది. ఎందుకు?"

కారణం దొరికింది. మెయిల్ టూల్‌కు ఆర్డర్ కబురు చెప్పే స్క్రిప్ట్ మా థ్యాంక్యూ పేజీల ఉంది. యూపీఐతో కట్టేటోళ్లు ఫోన్‌పే లాంటి యాప్‌లకు పోతరు, డబ్బు కట్టినంక చాలామంది బ్రౌజర్‌కు తిరిగి రారు. పేజీ తెరుచుకోదు, స్క్రిప్ట్ నడవదు. డబ్బు మాకు ముట్టినా టూల్ లెక్కల కార్ట్ అట్లనే ఉంటది. కార్డుతో కట్టినోళ్లకు ఈ తిప్పలు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు డబ్బు ముట్టంగనే పేమెంట్ గేట్‌వే తనంతట తానే పంపే కబురు, అంటే వెబ్‌హుక్, నేరుగా మా సర్వర్‌కు వస్తది, సర్వర్ టూల్‌కు చెప్తది. కొనేటోళ్ల బ్రౌజర్‌తో పని లేదు. ఒకదాని తర్వాత ఒకటి పోయే రిమైండర్లల మొదటి మెయిల్‌కే కాదు, ప్రతి మెయిల్ ముందు "కార్ట్ మొదలైనంక ఆర్డర్ వచ్చిందా" అనే షరతు పెట్టినం, వస్తే మెయిల్ పోదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే కొందరు మొదటి మెయిల్ చూసినంకనే కొంటరు.

పరీక్ష సులువు: చిన్న ఆర్డర్ యూపీఐతో కట్టి, థ్యాంక్యూ పేజీ తెరుచుకోకముందే బ్రౌజర్ మూసేయండి. టూల్‌ల మీ ప్రొఫైల్ కింద ఆర్డర్ కనబడితే సరిగ్గా పనిచేస్తున్నట్టే.

క్యాష్ ఆన్ డెలివరీకి పేమెంట్ వెబ్‌హుక్ రాదు, ఆర్డర్ నమోదైనప్పుడే సర్వర్ కబురు పంపాలె. వాట్సాప్‌ల వచ్చిన ఆర్డర్లను మాత్రం మేమే చేత్తో ఎక్కిస్తున్నం.