అమ్మ ఆబ్దికానికి రెండు తేదీలు చెబుతున్నారు, పురోహితుడుగారికి ఎలా రాయాలి?

గుంటూరు సుధ:
మా అమ్మ 2023 దసరా నాడు, అక్టోబర్ 24 ఉదయం 9 గంటలకు, చెన్నైలో మామయ్య ఇంట్లో పోయింది. అమ్మ పుట్టింటివాళ్ళు తమిళులు, మేం తెలుగువాళ్ళం. నాన్న అంతకు ముందే పోయారు. తమ్ముడు కర్త. పన్నెండో రోజు దాకా చెన్నై శాస్త్రిగారే చేయించారు. ఇప్పుడు ఏడాది దగ్గర పడింది. బాబాయి అక్టోబర్ 12 అంటున్నాడు, మామయ్య నవంబర్ 11 అంటున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మా పురోహితుడుగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. "మీ ఇంటి ఆచారం ప్రకారం చేయండి" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఏది మా ఆచారమో తెలియకే కదా అడిగింది!

రేపల్లె మూర్తి:
ఇంత టెన్షన్ ఎందుకమ్మా? క్యాలెండర్‌లో ఆ రోజు తిథి చూడండి, దశమి. ఆశ్వయుజ శుద్ధ దశమి అంటే ఈసారి అక్టోబర్ 12. మీ మామయ్యగారు లెక్క తప్పారు.

అమలాపురం శర్మ:
మామయ్యగారు లెక్క తప్పలేదు మూర్తిగారూ. మనది చాంద్రమానం, వాళ్ళది సౌరమానం. తిథి ఇద్దరికీ శుద్ధ దశమే, నెల మాత్రం వేరు. 2023లో దసరా నాటికి వాళ్ళ ఐప్పసి నెల మొదలైపోయింది. ఈసారి దసరా ఐప్పసి రాకముందే వస్తోంది. అందుకని ఐప్పసిలో వచ్చే శుద్ధ దశమికి, అంటే నవంబర్ 11కి, వెళ్తున్నారు. మనకు అది కార్తికం. మాసికాలు నెలనెలా దశమి నాడే కాబట్టి ఇన్నాళ్ళూ ఈ తేడా మీ ఎవరికీ కనబడలేదు.

ఇంకోటి, క్యాలెండర్‌లో తిథి చూస్తే చాలదు. ఆ రోజు దశమి మధ్యాహ్నం మూడు దాటగానే వెళ్ళిపోయింది. అమ్మగారు సాయంత్రం పోయి ఉంటే ఏకాదశి అయ్యేది. అందుకే ఉత్తరంలో పోయిన సమయం, ఊరు తప్పకుండా రాయాలి.

సుధమ్మా, ఆ నాలుగు పేజీల్లో ఏం రాశావు?

గుంటూరు సుధ:
బాబాయి ఏమన్నాడో, మామయ్య ఏమన్నాడో అన్నీ రాశానండీ. మామయ్య ఆఖరి మూడేళ్ళు అమ్మను ఎంత బాగా చూసుకున్నాడో కూడా రాశాను.

అమలాపురం శర్మ:
అదీ సంగతి. నేను నలభై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్నాను. అలాంటి ఉత్తరం వస్తే ఎవరి పక్షం చెప్పినా ఒకరికి కష్టమే అని మేం "మీ ఆచారం" అని తప్పుకుంటాం. గొడవ రాయకు, జరిగింది రాయి. అన్నిటికంటే ముఖ్యం, మీ నాన్నగారి తద్దినం ఏ లెక్కన పెడుతున్నారు?

గుంటూరు సుధ:
తొమ్మిదేళ్ళుగా తెలుగు పంచాంగం ప్రకారమే.

అమలాపురం శర్మ:
అయితే మీ ఇంటి ఆచారం అదే. సపిండీకరణంలో అమ్మగారి పిండాన్ని మీ నాయనమ్మగారి వరుసలో కలిపారు. చేయించింది తమిళ శాస్త్రిగారే అయినా చెప్పింది మీ నాన్నగారి గోత్రమే. ఇలా రాయి:

"పురోహితులవారికి నమస్కారములు. మా తల్లిగారు 24-10-2023 ఉదయం 9 గంటలకు చెన్నైలో కాలం చేశారు. కర్త మా తమ్ముడు. గోత్రం ఫలానా, ఆపస్తంబ సూత్రం. పన్నెండో రోజున సపిండీకరణం అయింది. మాసికాలు ఇప్పటికి ఇన్ని పెట్టాం. మా తండ్రిగారి ఆబ్దికం చాంద్రమానం ప్రకారం పెడుతున్నాం. అమ్మ పుట్టింటివారిది సౌరమానం. ఆబ్దికం ఏ రోజున పెట్టాలి? ఊనాబ్దికం ఎప్పుడు?"

ఊనాబ్దికం సంగతి మరచిపోకు. అది ఆబ్దికానికి ముందే జరగాలి. నవంబర్ అనుకుని కూర్చుంటే దాని రోజులు దాటిపోతాయి.

నల్గొండ రమ:
మాదీ ఇలాంటిదే. నాన్నది లింగధారణ కుటుంబం, సమాధి చేస్తారు. అమ్మ దహనమే కావాలంటోంది. పురోహితుణ్ణి అడగాలా, జంగమయ్యను అడగాలా?

తెనాలి పద్మ:
రమా, అమ్మగారు ఉండగానే ఆమె మాట రాయించి పెట్టుకో. మా ఇంట్లో పోయాక అడిగితే నలుగురూ నాలుగు చెప్పారు. సుధా, నువ్వు ఒక్కరికే రాయి. నేను ముగ్గురికి రాశాను, మూడు జవాబులొచ్చాయి, ఎవరికి నచ్చింది వాళ్ళు చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

గుంటూరు సుధ:
శర్మగారు చెప్పినట్టే రాశాను. నాలుగో రోజున జవాబొచ్చింది. ఆబ్దికం అక్టోబర్ 12. ఊనాబ్దికానికి కూడా రోజు చెప్పారు. మామయ్యకు ఫోన్ చేసి ముందు ఉత్తరం, తర్వాత జవాబు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "నవంబర్ 11న నేను ఊరుకోలేను" అన్నాడు.

రేపల్లె మూర్తి:
రెండు ఆబ్దికాలు పెట్టకూడదమ్మా.

అమలాపురం శర్మ:
ఆబ్దికం ఒక్కటే. కానీ ఆ రోజు చెల్లెలి పేరు చెప్పి నలుగురికి అన్నం పెడితే వద్దని నేనైతే అనను. మా అన్నయ్య మాత్రం అదీ కూడదంటాడు.

గుంటూరు సుధ:
తమ్ముడు 11న చెన్నై వెళ్తానంటున్నాడు. మామయ్య అక్టోబర్‌లో వస్తాడో రాడో ఇంకా చెప్పలేదు.