కప్లింగ్ ఉన్న సర్వోకి నాచ్ ఎక్కడ పెట్టాలి? 112 దగ్గర పెడితే కూత పోలేదు, కొత్తగా ఊగుడు వచ్చింది

పలాస_ప్యాకింగ్
మాది పలాసలో జీడిపప్పు ప్యాకెట్లు కట్టే మెషీన్. ఫిల్మ్ రోల్ తిప్పే సర్వో మోటారుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య రబ్బరు స్పైడర్ ఉన్న జా కప్లింగ్ ఉంది. స్పీడ్ లూప్ గెయిన్ కొంచెం పెంచితే చాలు, సన్నగా ఈల వేసినట్టు కూత మొదలవుతుంది. తగ్గిస్తే కూత పోతుంది కానీ ఫిల్మ్ ప్రింట్ మార్కు దగ్గర సరిగ్గా ఆగదు, ప్యాకెట్ మీద బొమ్మ పక్కకి జరిగిపోతోంది. మెషీన్ అమ్మినవాళ్ల కుర్రాడు వచ్చి కప్లింగ్ స్టిఫ్‌నెస్, రోల్ ఇనర్షియా తీసుకుని లెక్కగట్టి నాచ్ ఫిల్టర్ 112 హెర్ట్జ్ దగ్గర పెట్టి వెళ్లాడు. కూత అలాగే ఉంది, పైగా ఇప్పుడు ఆగిన ప్రతిసారీ రోల్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఏటిది?

జూట్_మిల్లు_ఫిట్టర్
మా నెల్లిమర్ల వైపు మిల్లులో ఒక ఫ్యాన్ ఇలాగే ఒక స్పీడు దగ్గరికి రాగానే వణికిపోయేది. వీఎఫ్‌డీలో జంప్ ఫ్రీక్వెన్సీ అని ఒక పారామీటర్ ఉంటుంది, ఆ స్పీడు మీద ఆగకుండా దాటిపోయేలా పెడితే పోయింది. మీ డ్రైవ్‌లో కూడా ఉంటుంది, చూడండి.

గరివిడి_డ్రైవ్స్
ఫిట్టర్ గారూ, మీది వేరే జబ్బు. మీ ఫ్యాన్‌ని వణికించింది అది తిరిగే స్పీడు, కాబట్టి ఆ స్పీడు తప్పిస్తే సరిపోయింది. పలాస వారి దగ్గర కూతని పుట్టిస్తున్నది డ్రైవ్ లూపే. తేడా పట్టుకోవడం తేలికే: మోటారు స్పీడు మార్చి వినండి. కూత స్వరం స్పీడుతో పాటు మారితే బేరింగో, అలైన్‌మెంటో చూడాలి. స్పీడు ఎంతైనా స్వరం అదే ఉండి, గెయిన్ తగ్గించగానే ఆగిపోతే అది రెజోనెన్స్.

ఇంక పలాస తమ్ముడూ, 112 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తావా? మోటారు ఇనర్షియా ఎంత, రోల్‌ది మోటారు షాఫ్ట్ వైపు నుంచి చూస్తే ఎంత, కప్లింగ్ స్టిఫ్‌నెస్ ఎంత?

పలాస_ప్యాకింగ్
కుర్రాడు రాసిచ్చిన కాగితంలో ఉన్నవి: మోటారు 0.0001, నిండు రోల్ గేర్‌బాక్స్ లెక్క తీసేశాక 0.0004 కేజీ మీటర్ స్క్వేర్, కప్లింగ్ 200 న్యూటన్ మీటర్ పర్ రేడియన్. స్పీడు మార్చి చూశాను అన్నా, కూత స్వరం మారలేదు.

గరివిడి_డ్రైవ్స్
అయితే దొరికింది. లెక్కలో తప్పు లేదు, కానీ అది వేరే ప్రశ్నకి జవాబు. k కప్లింగ్ స్టిఫ్‌నెస్, JM మోటారు ఇనర్షియా, JL రోల్ ఇనర్షియా అనుకుంటే ఇందులో రెండు ఫ్రీక్వెన్సీలు ఉంటాయి:

```
f_a = sqrt(k/JL) / (2π)
f_r = sqrt(k·(1/JM + 1/JL)) / (2π)
```

మొదటిది మోటారుని కదలకుండా బిగించి పట్టుకుంటే రోల్ ఒక్కటే కప్లింగ్ మీద ఊగే ఫ్రీక్వెన్సీ. మీ అంకెలతో 112. రెండోది మోటారూ రోలూ రెండూ వదులుగా ఉండి ఒకటి ఇటు తిరిగితే ఇంకొకటి అటు తిరిగేది. మీ అంకెలతో 252 వస్తుంది. లూప్‌లో గెయిన్ శిఖరంలా లేచేది 252 దగ్గరే, కూసేదీ అదే. 112 దగ్గర మోటారు వైపు నుంచి చూస్తే గొయ్యి ఉంటుంది, శిఖరం కాదు. గొయ్యి ఉన్నచోట ఇంకో గొయ్యి తవ్వారన్నమాట.

ఊగుడు ఎందుకంటే, నాచ్ తన ఫ్రీక్వెన్సీకి కింద ఉన్నవాటన్నిటికీ ఆలస్యం తెస్తుంది, దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ. మీ లూప్ 60 హెర్ట్జ్ వరకు పనిచేస్తోంది అనుకుందాం. మామూలు వెడల్పు నాచ్ 112 దగ్గర ఉంటే 60 దగ్గర 30 డిగ్రీలు దాటి ఫేజ్ తినేస్తుంది. అదే నాచ్ 252 దగ్గర ఉంటే తినేది 13 డిగ్రీలే.

అలాగని నా 252ని కూడా గుడ్డిగా పెట్టొద్దు. రబ్బరు స్పైడర్ స్టిఫ్‌నెస్ కేటలాగ్ అంకె దగ్గరే ఉంటుందని లేదు, లోడుతో, వేడితో మారుతుంది. నాచ్ తీసేసి, సన్నగా కూత వచ్చేవరకు మాత్రమే గెయిన్ పెంచి, డ్రైవ్ సాఫ్ట్‌వేర్‌లో టార్క్ కమాండ్ ట్రేస్ తీసి ఎఫ్ఎఫ్‌టీ చూడు. కూత రాగానే గెయిన్ దించేయి, ఎక్కువసేపు ఉంచితే స్పైడర్ పాడవుతుంది.

రాజాం_ఎంటెక్
నాచ్ గొడవ ఎందుకు, టార్క్ కమాండ్ మీద లోపాస్ ఫిల్టర్ 150 దగ్గర పెడితే 252 దానంతట అదే తగ్గుతుంది కదా? ఎక్కడ ఉందో వెతకక్కర్లేదు.

గరివిడి_డ్రైవ్స్
తగ్గుతుంది, సగానికి. 150 దగ్గర ఫస్ట్ ఆర్డర్ లోపాస్ 60 దగ్గర తినే ఫేజ్ దాదాపు 22 డిగ్రీలు. 252 దగ్గర పెట్టిన నాచ్ 13 డిగ్రీలు తిని శిఖరాన్ని పదో వంతుకి దించుతుంది. రెజోనెన్స్ 1000 పైన ఎక్కడో ఉంటే నేనూ లోపాసే పెడతాను, ఇంత కింద ఉన్నప్పుడు మాత్రం గిట్టుబాటు కాదు.

పలాస_ప్యాకింగ్
ట్రేస్ తీశాను. శిఖరం 255 దగ్గర ఉంది. నాచ్ అక్కడికి మార్చాక కూత పోయింది, ఊగుడూ పోయింది, గెయిన్ బాగా పెంచగలిగాను, బొమ్మ జరగడం లేదు. పొద్దున్న ఇంతే సంతోషం. మధ్యాహ్నం రోల్ అయిపోవస్తుంటే మళ్లీ కూత, ఈసారి స్వరం ఇంకా సన్నగా.

రాజాం_ఎంటెక్
రోల్ ఖాళీ అయితే JL తగ్గుతుంది కాబట్టి f_r పైకి పోతుంది. రెండో నాచ్ కూడా పెట్టండి, డ్రైవ్‌లో ఉంటుంది.

గరివిడి_డ్రైవ్స్
కారణం సరిగ్గా చెప్పావు. చివర్లో JL మోటారుతో సమానం అవుతుందనుకుంటే 318 వస్తుంది. రెండు నాచ్‌లు పెట్టొచ్చు, కానీ ఫేజ్ నష్టం కూడుతుంది, 60 దగ్గర మొత్తం 23 వరకు పోతుంది, అంటే నీ లోపాస్ దగ్గరికే వచ్చేశాం. నేనైతే అదే వెడల్పుతో ఒకే నాచ్ 280 దగ్గర పెట్టి చూస్తాను. రెండు కొసల్లోనూ పదో వంతు రాదు, సుమారు నాలుగో వంతు వస్తుంది. నష్టం 11 డిగ్రీలే. నాలుగో వంతు చాలుతుందా అన్నది మీ కప్లింగ్‌లో డ్యాంపింగ్ ఎంతుందో దాన్ని బట్టి, అది ఇక్కడ కూర్చుని చెప్పలేను.

జూట్_మిల్లు_ఫిట్టర్
మీ లెక్కలు నాకు అర్థం కావు గానీ ఆ స్పైడర్ ఒకసారి విప్పి చూశారా? పళ్లు అరిగి హబ్‌లో ఆట ఉంటే మీరు ఏ హెర్ట్జ్ పెట్టినా అంతే.

గరివిడి_డ్రైవ్స్
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఆట ఉంటే ఎఫ్ఎఫ్‌టీలో శిఖరం ఒకచోట నిలవదు, టార్క్ తక్కువైనప్పుడు కిందికి జారుతుంది, ట్రేస్ తీసిన ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. అలా కనిపిస్తే నాచ్ ముట్టుకోకుండా ముందు స్పైడర్ మార్చండి.

పలాస_ప్యాకింగ్
స్పైడర్ బాగానే ఉంది, శిఖరం నిండు రోల్ మీద ఎప్పుడు తీసినా 255 దగ్గరే. 280 పెట్టాను. రోల్ చివర్లో కూత లేదు. కొత్త రోల్ ఎక్కించినప్పుడు మాత్రం మొదట్లో కొంచెంసేపు గుర్రుమంటోంది, తర్వాత పోతోంది.

గరివిడి_డ్రైవ్స్
నిండు రోల్ రెజోనెన్స్ నాచ్‌కి కింది వైపు పడుతోంది కదా, అక్కడ నాచ్ ఫేజ్‌ని వెనక్కి లాగుతుంది. పై వైపు పడితే ముందుకి తోస్తుంది. ఖాళీ రోల్ నిశ్శబ్దంగా ఉండి నిండుది గుర్రుమనడానికి కారణం అదే అనుకుంటున్నాను. 268 పెట్టి చూడు, చివర్లో కూత తిరిగి రాకపోతే అక్కడే ఉంచెయ్.

రాజాం_ఎంటెక్
రోల్ డయామీటర్ పీఎల్‌సీకి తెలుసు కదా, దాన్ని బట్టి నాచ్ ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే?

గరివిడి_డ్రైవ్స్
మెషీన్ నడుస్తుండగా ఆ పారామీటర్ రాయనిస్తుందో లేదో డ్రైవ్ మాన్యువల్ చూడాలి. కొన్నింట్లో సర్వో ఆఫ్ చేస్తే గానీ మారదు. పలాస తమ్ముడూ, మోడల్ నంబరు పెట్టు.