కోడిపందెం, కోట, "వినరా భారత వీరకుమారా": ఇది ఏ బుర్రకథ?

హ్యూస్టన్ తెలుగు: అందరికీ నమస్కారం. పేరు లేని పాత క్యాసెట్ నుంచి ఒక బుర్రకథ ముక్క దొరికింది. మొదలూ చివరా లేవు. "వినరా భారత వీరకుమారా విజయం మనదేరా" అని కథకుడు అంటే వంతలు "తందాన తాన" అందుకుంటారు. ఒకచోట కోడిపందెం దగ్గర గొడవ ఉంది, తర్వాత కోట ముట్టడి. ఒక ఆడమనిషి తమ్ముడికి కబురు పంపుతుంది. "మూసబోసి" అని నాలుగైదు సార్లు వినిపిస్తుంది, ఏం మూసి ఏం బోసారో అర్థం కాలేదు. ఏ కథ, ఎవరు చెప్పింది?

తెనాలి బాబాయ్: కోడిపందెం అంటే ఇంకేముంది, పల్నాటి యుద్ధం. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ కుట్ర. ఓడితే ఏడేళ్ళు మాచర్ల విడిచిపోవాలని పందెం. చెప్పింది నాజర్ గారే అయ్యుంటారు. పొన్నెకల్లులో పుట్టిన మనిషికి పల్నాడు కొట్టిన పిండి.

కళింగ సీమ: బాబాయ్, కోడిపందెం ఒక్కటే పట్టుకుంటే దారి తప్పుతాం. బొబ్బిలి కథ చెప్పేవాళ్ళు కూడా రెండు సంస్థానాల పగకి పందేల గొడవ ముడిపెడతారు. హ్యూస్టన్ గారూ, ఆ ముక్కలో ఫిరంగి అన్న మాట ఉందా? తమ్ముడు ఏ ఊళ్ళో ఉన్నాడంటారు?

హ్యూస్టన్ తెలుగు: మళ్ళీ విన్నాను. ఫిరంగులు ఉన్నాయి. తమ్ముడు "రాజాములో" అన్నట్టు ఉంది. నేను "రాజ్యములో" అనుకున్నాను.

కళింగ సీమ: అయితే తేలిపోయింది, బొబ్బిలి యుద్ధం. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం, కారెంపూడి దగ్గర కత్తులతో, బల్లేలతో తెగింది. అందులో ఫిరంగికి చోటు లేదు. బొబ్బిలి కోట పడింది 1757 జనవరిలో. రాజు రంగారాయుడు, రాణి మల్లమ్మ. ఆమె తమ్ముడు తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. కబురు అందేసరికి కోట బూడిదైంది. ఇక మీరు "మూసబోసి" అని విన్నది క్రియ కాదండీ, మనిషి. విజయనగరం విజయరామరాజుకి సాయం వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ. వాళ్ళ భాషలో పేరుకి ముందు "మొస్యూ" అంటారు కదా, అది మన జనం నోట మూసాబూసీ అయింది. ఆ ఒక్క మాట వినపడితే చాలు, వేరే కథ వెతకనక్కర్లేదు.

తెనాలి బాబాయ్: ఒప్పుకున్నా. కానీ ఆ "వినరా భారత వీరకుమారా" అల్లూరి కథది కదా? 1954లో అగ్గిరాముడు సినిమాలో నాజర్ గారి దళం అల్లూరి కథ చెప్పింది కూడా.

కళింగ సీమ: ఈ పల్లవి అల్లూరిలో వినపడుతుంది, బొబ్బిలిలో వినపడుతుంది, ఎన్నికల కథల్లో కూడా వినపడుతుంది. కథకుడు ఏ కథకైనా దీన్ని ఎత్తుకుంటాడు, "భారత" అన్నచోట సందర్భాన్ని బట్టి ఇంకో మాట వేస్తాడు కూడా. "తందాన తాన" అయితే మరీను, అది ఏ కథో చెప్పదు, బుర్రకథ అని మాత్రం చెబుతుంది. వంతలు అనే "సై", "భళా" కూడా అంతే. ఒక కథకే చెందిన పల్లవి సాధారణంగా నడుమ, ఒక ఘట్టం దగ్గర వస్తుంది. మల్లమ్మ ఏడుపు దగ్గరో పాపారాయుడు గుడారంలోకి దూరే దగ్గరో దరువు మారుతుంది, పాట ఎత్తుగడ మారుతుంది. అక్కడి మొదటి రెండు పంక్తులు విన్నది విన్నట్టు రాయండి. అర్థం కాని మాటని సరిచేసి రాయొద్దు. "రాజాము"ని "రాజ్యము" చేస్తే ఏమైందో చూశాంగా.

గజ్జెల దాసు: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నా దగ్గర ఒక హరికథ రికార్డు ఉంది. మాటిమాటికీ "శ్రీమద్రమారమణ గోవిందో హరి" అంటారు. అది ఏ హరికథో చెప్పగలరా?

చిడతల మావయ్య: అన్నా, ఆ నామం ప్రతి హరికథలోనూ ఉంటుంది, జనం చేత గోవింద కొట్టించడానికి. దాన్ని పట్టుకుని వెతికితే వెయ్యి కథలు తగులుతాయి. కథ చెప్పు.

గజ్జెల దాసు: తండ్రి ఒడిలో కూర్చోబోతే సవతి తల్లి తోసేస్తుంది. పిల్లాడు అడవికి పోతాడు. నారదుడు ఎదురవుతాడు.

చిడతల మావయ్య: ధ్రువ చరిత్ర. ఆదిభట్ల నారాయణదాసు గారి మొదటి హరికథ కూడా అదే, 1883 నాటిది. కానీ ధ్రువుణ్ణి చాలామంది దాసులు చెప్పారు, కాబట్టి నీది ఆయన రచనే అని అనుకోవద్దు. మొదటి కీర్తన ఎత్తుగడ, దాని రాగతాళాలు రాసుకుని అచ్చు ప్రతితో పోల్చు. నడుమ వచ్చే వచనం నమ్మొద్దు. దాన్ని ఏ దాసుకాదాసు అప్పటికప్పుడు పెంచుతాడు, తగ్గిస్తాడు. కీర్తన అలా మారదు.

హ్యూస్టన్ తెలుగు: మళ్ళీ మన బొబ్బిలికి వద్దాం. ఎవరు చెప్పారో ఎలా తెలుస్తుంది? హాస్యం చెప్పే వంత ఒకచోట "ఆరు నయాపైసలకి టీ కూడా రాదు" అంటాడు, అందరూ నవ్వుతారు.

కళింగ సీమ: అది బంగారం లాంటి ముక్క. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, 1964లో "నయా" తీసేశారు. కాబట్టి 1957కి ముందు రికార్డు కాదు. అయితే జనం ఆ తర్వాత కూడా చాలాకాలం నయాపైస అనే అన్నారు, కనుక ఇవతలి హద్దు గట్టిగా చెప్పలేం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. హాస్యగాడి మాట ఆ రాత్రి ప్రదర్శనకి తేదీ ఇస్తుంది, రచనకి ఇవ్వదు. పాఠం అంతకు ముందుదే అయ్యుండొచ్చు.

తెనాలి బాబాయ్: నాజర్ గారు బొబ్బిలి కూడా చెప్పారు. గొంతు వింటే నేను పట్టేస్తా.

కళింగ సీమ: గొంతుతో పోల్చండి, కాదనను. కానీ ఆయన బాణీ నేర్చుకుని చెప్పిన దళాలు చాలా ఉన్నాయి, క్యాసెట్ వేగం కాస్త పెరిగినా గొంతు మారిపోతుంది. ముందు ప్రార్థన, చివర మంగళం ఉంటే దళం పేరో గురువు పేరో ఊరో దొరికేది. అవే పోయాయి. ఆ క్యాసెట్ రెండో వైపు కూడా ఎక్కించారా?

హ్యూస్టన్ తెలుగు: లేదు, ఒక వైపే. రెండో వైపు ఇంటి దగ్గర అడిగి చూస్తాను.

జంగం పాట: ఒక అనుమానం. ఇది బుర్రకథగా రాసిందేనా, లేక పాత జంగం కథేనా? మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు పరిష్కరించిన బొబ్బిలి కథలో వరుసలు వేరు.

కళింగ సీమ: "భారత వీరకుమారా" అన్న పిలుపుని బట్టి స్వాతంత్ర్యోద్యమ కాలపు వాసన అనిపిస్తోంది. అయినా పల్లవి కొత్తది తగిలించి లోపలి పాదాలు పాతవే వాడుకున్న కథకులున్నారు. కోట ముట్టడి ఘట్టం నుంచి ఓ పది పంక్తులు రాసి పెడితే ఆ పుస్తకంతో పోల్చి చూడొచ్చు. అప్పటిదాకా నేను ఎటూ చెప్పను.

జంగం పాట: నా ఓటు పాత పాదాలకే. పది పంక్తులు రానీయండి.